బిల్లు అసలుదే, ఖాతా నంబరే దొంగది: రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి,

విజయవాడ ఆటోనగర్‌లోనూ చుట్టుపక్కల పారిశ్రామికవాడల్లోనూ ఉన్న చిన్న యూనిట్లకు లెక్కలు రాసి, జీఎస్టీ రిటర్నులు వేసి, పార్టీలకు చెల్లింపులు సిద్ధం చేసే పని నాది. 2024 డిసెంబరు 30న మీ బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఆర్‌టీజీఎస్, నెఫ్ట్ ద్వారా డబ్బు పంపేవాళ్లకు, అవతలి ఖాతా ఎవరి పేరు మీద ఉందో పంపే ముందే తెర మీద చూపించాలని, 2025 ఏప్రిల్ 1 కల్లా బ్యాంకులన్నీ ఈ ఏర్పాటు చేయాలని, దానికి ఖాతాదారు దగ్గర పైసా తీసుకోకూడదని అందులో ఉంది. ఆ సర్క్యులర్ మాకు నిజంగా మేలు చేసింది. అయితే అది మమ్మల్ని ఎంతవరకు కాపాడుతోందో, ఎక్కడ వదిలేస్తోందో మీకు తెలియాలి. ఈ లేఖను అందరి ముందూ పెట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. మాలాగా బిల్లులు కట్టే వేలమంది అకౌంటెంట్లు, యజమానులు దీన్ని చదవాలని నా కోరిక.

జరిగినదాంతో మొదలుపెడతాను. అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్ ఒకటి ఉంది. యజమాని, కొద్దిమంది పనివాళ్లు, ఆఫీసులో ఒకే ఒక్క అకౌంటెంటు అమ్మాయి. క్రాఫ్ట్ పేపరు రీళ్లు గుజరాత్‌లోని వాపి నుంచి వస్తాయి. 2025 ఫిబ్రవరి చివర్లో ఒక లోడు దిగింది. బిల్లు 5,42,800 రూపాయలు, గడువు ముప్ఫై రోజులు. గడువుకు రెండు రోజుల ముందు మిల్లు నుంచి మెయిల్ వచ్చింది. ఆడిట్ వల్ల మా పాత ఖాతా తాత్కాలికంగా ఆగింది, ఈ బిల్లు సొమ్ము కింద ఇచ్చిన కొత్త ఖాతాకు వేయండి, సవరించిన ఇన్వాయిస్ జతచేశాం అని అందులో ఉంది. మిల్లు లెటర్‌హెడ్ మీద స్టాంపు వేసిన ఉత్తరం, కొత్త ఖాతా తాలూకు కాన్సిల్డ్ చెక్కు ఫొటో కూడా జతచేశారు.

పైగా అది విడిగా వచ్చిన మెయిల్ కాదు. ఆర్డరు పెట్టినప్పటి నుంచి నడుస్తున్న ఉత్తరప్రత్యుత్తరాలకే జవాబుగా వచ్చింది. రేటు గురించి బేరమాడినవి, లారీ నంబరు పంపినవి, జీఎస్‌ఎం తక్కువ వచ్చిందని ఈ అమ్మాయి చేసిన ఫిర్యాదు, అన్నీ కింద వరసగా ఉన్నాయి. అవన్నీ నిజంగా జరిగిన సంభాషణలే.

ఆ అమ్మాయి కళ్లు మూసుకుని కట్టేసిందని చాలామంది అన్నారు. అది అన్యాయం. ఆమె ఏమేం చూసిందో చెబుతాను. ఇన్వాయిస్ నంబరును పర్చేజ్ ఆర్డరుతో సరిచూసింది. తూకం స్లిప్పుతో బరువు సరిపోయింది. జీఎస్టీ నంబరు 24తో మొదలైంది, అంటే గుజరాత్, సరిగ్గానే ఉంది. ఇన్వాయిస్ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ప్రభుత్వ సంతకం ఉన్న అసలు ఈ-ఇన్వాయిస్ అని వచ్చింది. జీఎస్టీ పోర్టల్‌లోని 2బీ స్టేట్‌మెంటులో కూడా ఆ బిల్లు కనబడుతోంది. ఒక్క పరీక్షలోనూ తేడా రాలేదు. రాదు కూడా, ఎందుకంటే ఆ బిల్లు దొంగ తయారుచేసింది కాదు. మిల్లు వేసిన అసలు బిల్లునే తీసుకుని, అడుగున ఉన్న బ్యాంకు వివరాల గడి ఒక్కటి మార్చాడు.

ఈ సంగతి మాలో చాలామందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. జీఎస్టీ నిబంధనల ప్రకారం ఇన్వాయిస్ మీద తప్పనిసరిగా ఉండాల్సిన వివరాల్లో బ్యాంకు ఖాతా లేదు. ఈ-ఇన్వాయిస్ క్యూఆర్ కోడ్‌లో అమ్మినవారి, కొన్నవారి జీఎస్టీ నంబర్లు, బిల్లు నంబరు, తేదీ, మొత్తం, సరుకుల వరసలు ఎన్ని, ప్రధాన సరుకు హెచ్‌ఎస్‌ఎన్ కోడు, ఐఆర్‌ఎన్ ఉంటాయి. బ్యాంకు ఖాతా అందులోనూ లేదు. ఖాతా నంబరు మార్చిన పీడీఎఫ్ మీద కూడా ఆ కోడు పచ్చగా, నిక్షేపంగా పాసవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో పన్నుదారు వివరాలు వెతికితే పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ స్థితి కనిపిస్తాయే తప్ప ఆ సంస్థ డబ్బు ఏ ఖాతాలో తీసుకుంటుందో కనిపించదు. అంటే బిల్లులో ప్రభుత్వం ధ్రువీకరించే ప్రతి అంశమూ నిజం. ఎవరూ ధ్రువీకరించని ఒకే ఒక్క గడి అబద్ధం. డబ్బు మాత్రం ఆ గడిని బట్టే వెళుతుంది.

2025 మార్చి 28, శుక్రవారం సాయంత్రం ఆర్‌టీజీఎస్ చేశారు. ఆ రోజును దొంగ ఊరికే ఎంచుకోలేదు. ఆదివారం ఉగాది, సోమవారం రంజాన్, మంగళవారం బ్యాంకుల వార్షిక ముగింపు. ఆర్థిక సంవత్సరం చివరి వారం కాబట్టి ఆఫీసులో ఊపిరి సలపని పని. చిన్న సరఫరాదారులకు 45 రోజుల్లోపు సొమ్ము కట్టకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో చూపుకోనివ్వరన్న నిబంధన వచ్చాక, మార్చి నెలాఖరున ప్రతి యజమానీ బాకీలు తీర్చేయమనే తొందరపెడతాడు. ఇంకోపక్క ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి రాత్రీ పగలూ, సెలవు రోజుల్లో కూడా నడుస్తోంది. డబ్బు సెలవుల్లోనూ కదులుతుంది, మిల్లు ఆఫీసులో ఫోను ఎత్తే మనిషి మాత్రం ఉండడు.

బుధవారం ఏప్రిల్ 2న మిల్లు నుంచి ఫోను వచ్చింది, పేమెంటు ఎప్పుడు వేస్తారని. అప్పుడు తెలిసింది. ఇంకో విషయం కూడా అప్పుడే బయటపడింది. ఇటువైపు మిల్లు పేరుతో మెయిల్ పెట్టినవాడే అటువైపు మిల్లుకు మా యూనిట్ పేరుతో మెయిల్ పెట్టాడు. సంవత్సరాంతం పనుల్లో ఉన్నాం, ఏప్రిల్ మొదటి వారంలో వేస్తాం అని. అందుకే మిల్లువాళ్లు గడువు దాటినా గొడవ చేయకుండా ఊరుకున్నారు.

వాడు మధ్యలో ఎలా దూరాడంటే, మిల్లు ఆఫీసులో ఒక గుమస్తా మెయిల్ పాస్‌వర్డ్ దొంగిలించి, ఆ పెట్టెలోకి వచ్చే ప్రతి ఉత్తరం నకలు తనకూ చేరేలా ఫార్వర్డింగ్ రూలు పెట్టుకున్నాడు. వారాల తరబడి చదివాడు. గడువు దగ్గరపడ్డాక, మిల్లు చిరునామాలాగే కనిపించే ఇంకో డొమైన్ కొని అక్కడి నుంచి జవాబిచ్చాడు. చిరునామాలో `m` ఉండాల్సిన చోట `rn` ఉంది. కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి చూస్తే తప్ప ఆ రెండక్షరాలు ఒకటిగానే కనబడతాయి. ఫోనులో అయితే చిరునామాయే కనబడదు, పంపినవారి పేరు ఒక్కటే కనబడుతుంది. కొన్ని మెయిళ్లలో పంపినవారి చిరునామా సరిగ్గానే ఉండి, `Reply-To` అన్న చోట మాత్రం దొంగ చిరునామా ఉంటుంది. మెయిల్ సర్వర్లు చేసే సాంకేతిక పరీక్షలు కూడా ఇక్కడ అక్కరకు రావు. దొంగ కొన్న డొమైన్ వాడి సొంతమే కాబట్టి అక్కడి నుంచి వచ్చిన మెయిల్ ఆ పరీక్షలన్నీ పాసవుతుంది. వాడు నేరుగా మిల్లు మెయిల్ పెట్టెలోంచే పంపితే, `m`, `rn` తేడా కూడా ఉండదు. అందుకే మెయిల్‌ని ఎంత నిశితంగా చూసినా, మెయిల్ చూసి మాత్రమే ఖాతా మార్పును నమ్మడం కుదరదంటాను. జతచేసిన లెటర్‌హెడ్, స్టాంపు, కాన్సిల్డ్ చెక్కు ఫొటో, అన్నీ ఆ మెయిల్ దారిలోనే వచ్చాయి. మెయిల్ దొంగదైతే అవీ దొంగవే.

ఇప్పుడు మీ బ్యాంకు సంగతికొస్తాను. అమ్మాయి బెనిఫిషియరీని చేర్చినప్పుడు పేరు దగ్గర మిల్లు పేరే టైపు చేసింది. సొమ్ము జమైంది వేరే ఎవరో వ్యక్తి పేరున్న ఖాతాలో. ఇది బ్యాంకు పొరపాటని ఫిర్యాదు చేయడానికి లేదు. 2010 అక్టోబరు 14 నాటి మీ సర్క్యులర్ ప్రకారం, వచ్చిన సొమ్మును ఖాతా నంబరు ఒక్కదాన్నే ఆధారం చేసుకుని జమ చేయవచ్చు. పంపినవారు పేరు ఏమని రాశారన్నది చూడనక్కర్లేదు. లక్షల లావాదేవీలు నిమిషాల్లో తెమలాలంటే అలాంటి నియమం కావాలి, ఒప్పుకుంటాను. పేరులో చుక్క తేడా వచ్చిందని జీతాలు వెనక్కి వస్తుంటే ఎవరికీ మంచిది కాదు. కానీ ఆ పేరు గడిలో టైపు చేసే మాకు, అది ఎవరూ చదవని గడి అని తెలియదు. సరిపోలకపోతే బ్యాంకే తిప్పిపంపుతుందిలే అని ఇవాళ్టికీ చాలామంది యజమానులు నమ్ముతున్నారు.

2017 జులై 6 నాటి మీ సర్క్యులర్ కూడా మా గోడు తీర్చలేదు. అది ఖాతాదారు అనుమతి లేకుండా జరిగిన లావాదేవీలకు వర్తించేది. ఇక్కడ ఓటీపీ మేమే కొట్టాం. మోసపోయే ఇచ్చినా, ఇచ్చింది మేమే. బ్రిటన్‌లో 2024 అక్టోబరు 7 నుంచి ఇలా మోసపోయి తమ చేత్తోనే డబ్బు పంపినవారికి బ్యాంకులు నష్టం పూడ్చాలన్న నియమం అమల్లో ఉంది. వ్యక్తులతో పాటు అతిచిన్న వ్యాపారాలకు కూడా అది వర్తిస్తుంది, 85 వేల పౌండ్ల దాకా. అప్పటికి మన దగ్గర అలాంటిది లేదు. మిల్లుకు ఇవ్వాల్సిన బాకీ అలాగే ఉండిపోయింది. మెయిల్ పాస్‌వర్డ్ పోయింది మీ దగ్గరే కదా అని యజమాని వాదించాడు. ఫోను చేసి అడగొచ్చు కదా అని వాళ్లు. చివరికి పేపరు రాకపోతే మిషన్లు ఆగిపోతాయి కాబట్టి, వాయిదాల మీద రెండోసారి కట్టాడు. ఆ అమ్మాయిని పనిలోంచి తీసేయలేదు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

మీ కొత్త ఏర్పాటు నాలుగు రోజుల ముందు ఆ యూనిట్ బ్యాంకు తెర మీద ఉండి ఉంటే ఈ డబ్బు మిగిలేది. మిల్లు పేరు రావాల్సిన చోట ఎవరో మనిషి పేరు వస్తే ఆ అమ్మాయి చెయ్యి ఆగిపోయేది. కాబట్టి మీకు మా కృతజ్ఞతలు. అయితే అప్పటి నుంచి మేం చూస్తున్నదేమిటో చెప్పాలి.

మా సరఫరాదారుల్లో చాలామంది సొంత యజమాన్యపు వ్యాపారులు. బిల్లు మీద షాపు పేరు ఉంటుంది. ఖాతా ఒకరిది షాపు పేరు మీద, ఇంకొకరిది యజమాని పేరు మీద ఉంటుంది. మరికొందరి ఖాతా పేరు బ్యాంకు రికార్డుల్లో సగానికి తెగిపోయి ఉంటుంది. తెర మీద పేరు సరిపోలకపోవడం నిజమైన పార్టీల విషయంలోనే తరచూ జరుగుతుంటే, అకౌంటెంటుకు ఆ తేడాను పట్టించుకోకుండా ముందుకెళ్లడం అలవాటైపోతుంది. దీనికి తలకిందులుగా ఉండే ప్రమాదం ఇంకోటి. దేవుడి పేరు, వెనకాల ఎంటర్‌ప్రైజెస్ అనో ట్రేడర్స్ అనో తగిలించిన సంస్థలు ప్రతి ఊళ్లో ఉంటాయి. అలాంటి పేరు మీద కరెంట్ ఖాతా ఉన్న మనిషిని దొంగ పట్టుకుంటే, తెర మీద పేరు చక్కగా సరిపోతుంది. ఎందుకంటే ఈ ఖాతా ఎవరిది అన్న ప్రశ్నకే ఆ తెర జవాబిస్తుంది. ఖాతా మార్చమని చెప్పింది నిజంగా నా సరఫరాదారేనా అన్న ప్రశ్న వేరే. దానికి జవాబు బ్యాంకు దగ్గర లేదు, సరఫరాదారు దగ్గరే ఉంది.

ఈ ఏడాది సరిగ్గా అదే జరిగింది, అదే యూనిట్‌లో. హైదరాబాద్ బాలానగర్ నుంచి మిషన్ల విడిభాగాలు పంపే ఒక షాపు. ఖాతా మారిందని మెయిల్. ఐఎఫ్‌ఎస్‌సీ చూస్తే బ్రాంచి ఇంకేదో రాష్ట్రంలో ఉంది, కానీ తెర మీద పేరు షాపు పేరుతో సరిపోయింది. అమ్మాయి మెయిల్‌కి జవాబివ్వలేదు. ఆ మెయిల్లో ఉన్న ఫోను నంబరుకూ చేయలేదు, ఎందుకంటే ఖాతా నంబరు మార్చినవాడికి ఫోను నంబరు మార్చడం కష్టమేమీ కాదు. తన టేబుల్ సొరుగులోంచి పాత ఫైలు తీసింది. మొదటి ఆర్డరు నాటి కాగితం మీద ఉన్న నంబరుకు చేసి, స్పీకర్లో పెట్టింది.

“సార్, నమస్తే అండీ. ఆటోనగర్ అట్టపెట్టెల వాళ్లం. మీ బిల్లుకి డబ్బు వేయాలి. ఏ బ్యాంకులో వేయమంటారు?”

“ఎప్పుడూ వేసేదాన్లోనే వెయ్యమ్మా. కొత్తగా అడుగుతున్నావేంటి?”

అంతే. ఆ ఫోను ఖర్చేమీ లేదు, నిమిషం కూడా పట్టలేదు.

ఆమె అడిగిన తీరును గమనించమని మా వృత్తిలోని వాళ్లందరినీ కోరుతున్నాను. ఖాతా మార్చామని మెయిల్ పెట్టారు కదా సార్, నిజమేనా అని ఆమె అడగలేదు. అలా అడిగితే అటు పని ఒత్తిడిలో ఉన్న గుమస్తా, మా అకౌంట్స్ వాళ్లు పెట్టి ఉంటార్లే అనుకుని, ఆఁ అవునవును అనేస్తాడు. నేను విన్న ఇలాంటి మోసాల్లో కొన్నింట్లో ఫోను చేశారు కూడా. అడగడం సరిగ్గా అడగలేదు. జవాబు మన నోటి నుంచి వాళ్లకు అందించకూడదు. బ్యాంకు పేరు, ఖాతాలో చివరి నాలుగంకెలు వాళ్లే తమ పుస్తకం చూసి చెప్పాలి, మనం మన కాగితంతో పోల్చుకోవాలి.

ఖాతా నిజంగానే మారే సందర్భాలు లేవని కాదు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిశాక `ANDB` తో మొదలయ్యే ఐఎఫ్‌ఎస్‌సీలు `UBIN` గా మారాయి. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో సగం మంది పార్టీలు కొత్త వివరాలు పంపినట్టే అనిపించింది మాకు. 2025లో గ్రామీణ బ్యాంకులు కలిసినప్పుడు కూడా అలాంటి ఉత్తరాలు వచ్చాయి. అవన్నీ నిజమైనవే. దాంతో మార్పు మెయిల్ రాగానే మాస్టర్‌లో దిద్దేయడం మాకు అలవాటైపోయింది. దొంగ పని ఆ అలవాటుతో తేలికైంది. మార్పు నిజమని ఫోనులో తేలాక కూడా ఇప్పుడు ఆ యూనిట్‌లో ఇంకో మెట్టు ఉంది. కొత్త ఖాతాకు ముందు చిన్న మొత్తం, పదమూడు రూపాయలో పదిహేడో, ఐఎంపీఎస్‌లో పంపుతారు. మర్నాడు అదే పాత నంబరుకు చేసి, ఎంత జమైందో చెప్పమంటారు. ఎంత పంపామో ముందు చెప్పరు. బ్యాంకు స్టేట్‌మెంటు చూసి సరైన అంకె చెబితే ఆ ఖాతా వాళ్ల చేతిలోనే ఉన్నట్టు. ఈ పరీక్ష ఫోను లేకుండా చేస్తే మాత్రం దండగ. పదమూడు రూపాయలు దొంగ ఖాతాలోనూ భేషుగ్గా జమవుతాయి, అందిందని వాడే మెయిల్ పెడతాడు.

ఆ తర్వాత టాలీలో పార్టీ లెడ్జర్‌లో ఖాతా నంబరు మార్చేది అకౌంటెంటు, మర్నాటి ఫోను చేసేది యజమాని. యజమాని ఊళ్లో లేకపోతే ఆ చెల్లింపు ఆగుతుంది. బ్యాంకు పోర్టల్‌లో మేకర్, చెకర్ అని రెండు లాగిన్లు ఇస్తారు గానీ, చిన్న యూనిట్లలో రెండు పాస్‌వర్డ్లూ ఒకరి దగ్గరే ఉంటాయి. యజమాని తన ఫోనుకొచ్చిన ఓటీపీ చదివి చెప్పడమే చెకింగ్ అవుతుంది. ఈ ఇద్దరి మధ్యా నిజమైన విభజన ఉండాల్సింది ఖాతా మార్పు దగ్గర. బిల్లు వెనక ఎవరితో మాట్లాడారు, ఏ నంబరుకు, ఏ తేదీన, ఎన్నింటికి అని రాసి ఇద్దరూ సంతకం పెడతారు. అవతలివాళ్లే ఫోను చేసి, ఖాతా మార్చాం, చూసుకున్నారా అని అడిగితే అది లెక్కలోకి రాదు. మనం చేసిన ఫోనే లెక్క.

సరఫరాదారులు కూడా చేయగలిగింది ఒకటుంది. మెయిల్‌లో ఖాతా మార్పు చెప్పం అని ఇన్వాయిస్ అడుగున అచ్చు వేస్తున్నారు కొందరు. పీడీఎఫ్ దిద్దగలిగినవాడు ఆ వాక్యం కూడా తీసేస్తాడు. దాన్ని వ్యాపారం మొదలుపెట్టిన రోజే, ఆర్డరు ఒప్పుకున్న కాగితం మీద, ఎవరికి ఫోను చేయాలో నంబరుతో సహా రాసివ్వాలి.

ఇంత చేసినా డబ్బు పోతే, గంటలే లెక్క. 2024 జులైలో సింగపూర్‌లో ఒక సరుకుల వ్యాపార సంస్థకు ఇలాంటి మెయిలే వచ్చింది. సరఫరాదారు చిరునామాకు చిన్న స్పెల్లింగు తేడా, తూర్పు తైమూర్‌లో కొత్త ఖాతా. 4 కోట్ల 23 లక్షల అమెరికన్ డాలర్లు పంపేశారు. నాలుగు రోజులకు అసలు సరఫరాదారు డబ్బు రాలేదని చెబితే తెలిసింది. తెలిసిన వెంటనే పోలీసులకు చెప్పడంతో, ఇంటర్‌పోల్ సాయంతో అందులో 4 కోట్ల 10 లక్షల డాలర్లకు పైగా చేజిక్కించుకోగలిగారు. మన దగ్గర 1930కి ఫోను చేసి, cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేసి, అదే గంటలో సొంత బ్రాంచికి యూటీఆర్ నంబరుతో రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ యూటీఆర్ పట్టుకునే ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు డబ్బు జాడ తీసి, మిగిలినంత ఆపుతారు. మా అట్టపెట్టెల యూనిట్‌కు అయిదు రోజులు ఆలస్యమైంది. దొంగ ఖాతాలో మిగిలింది చాలా తక్కువ.

ఇక మిమ్మల్ని అడగదలచుకున్నవి.

మొదటిది, తెర మీద పేరు చూపించే ఆ సౌకర్యం ఎక్కడ చెల్లింపు మొదలైనా తప్పకుండా కనబడాలి. ఒక్కొక్క చెల్లింపు చేసేవాళ్లకే కాకుండా, పార్టీలందరికీ ఒకేసారి ఫైలు ఎక్కించి పంపేవాళ్లకు కూడా. ఎక్కడో ఒక బటన్ నొక్కితే చూపిస్తామంటే చాలదు. కొత్త ఖాతా చేర్చేటప్పుడు పేరు చూడకుండా ముందుకు కదలనివ్వకూడదు. ఆ పేరు అడిగినందుకు పుట్టే రిఫరెన్స్ నంబరు రేపు వివాదం వస్తే బ్యాంకుల మధ్య పనికొస్తుందని మీ సర్క్యులరే చెబుతోంది. ఆ నంబరు, చూపించిన పేరు రెండూ మా చెల్లింపు రసీదు మీద కూడా అచ్చుకావాలి. అప్పుడు ఆ తెర మీద ఏం కనబడిందన్న దాని మీద అకౌంటెంటు మాటకు, యజమాని మాటకు మధ్య పంచాయితీ ఉండదు.

రెండోది, పేరుతో పాటు ఆ ఖాతా ఆరు నెలల లోపు తెరిచిందైతే ఆ ఒక్క మాట చూపించండి. ఖాతాలో ఎంత ఉందో, ఎవరెవరు వేశారో మాకు అక్కర్లేదు. పదేళ్లుగా సరుకు పంపుతున్న షాపు ఖాతా రెండు నెలల కిందటిదని తెలిస్తే, పేరు సరిపోయినా ఫోను తీస్తాం. కొత్తగా వ్యాపారం పెట్టినవాళ్లకు ఇది ఇబ్బంది అంటారేమో. వాళ్లకు వచ్చే నష్టం ఒక్క ఫోను కాలే.

మూడోది, కరెంట్ ఖాతా ఉన్న చిన్న వ్యాపారికి, తానే కోరుకుంటే, కొత్తగా చేర్చిన ఖాతాకు వెళ్లే మొదటి పెద్ద చెల్లింపును తన బ్యాంకు దగ్గరే ఒక పనిదినం ఆపి ఉంచుకునే వీలు కల్పించండి. ఆర్‌టీజీఎస్‌లోకి వెళ్లాక వెనక్కి తీసుకోలేం, అది మాకు తెలుసు. వెళ్లకముందే ఆపమంటున్నాం. సెలవు దినం కాకుండా పనిదినం అని ఎందుకు అడుగుతున్నామంటే, అవతల ఫోను ఎత్తే మనిషి ఆ రోజే ఉంటాడు. కొన్ని బ్యాంకులు కొత్త బెనిఫిషియరీకి కొన్ని గంటల పాటు పరిమితి పెడుతున్నాయి. ఆ గంటలు శుక్రవారం రాత్రి మొదలై ఆదివారం పొద్దుటికి అయిపోతే మాకు ఒరిగేదేమీ లేదు.

ఈ మూడింటికీ పెద్ద ఖర్చు కాదని నా నమ్మకం. పేరు చూపించే దారి మీరు ఇప్పటికే వేశారు. మా వంతుగా, ఈ ఆర్థిక సంవత్సరంలో నేను లెక్కలు చూసే ప్రతి యూనిట్‌లోనూ సరఫరాదారులందరి పాత ఫోను నంబర్లు మొదటి ఆర్డరు కాగితాల నుంచి తీసి ఒక పుస్తకంలో రాయిస్తున్నాను. ఆ పుస్తకం కంప్యూటర్లో ఉండదు. యజమాని బల్ల మీద ఉంటుంది.

ఇట్లు,
చిన్న పరిశ్రమల లెక్కలు చూసే ఒక అకౌంటెంటు,
ఆటోనగర్, విజయవాడ